దూరం పెరిగిన రోజు కాదు, రాత్రి ఆగిన ఊరు చూడండి

హైదరాబాద్ నుంచి బయల్దేరి మైసూరు, ఊటీ, మదురై, రామేశ్వరం, తంజావూరు, పుదుచ్చేరి చుట్టి నెల్లూరు మీదుగా ఇంటికి చేరే 14 రోజుల కారు ప్రయాణానికి ఒక ఇంటివాళ్లు లెక్క వేసుకున్నారు. అందులో అన్నిటికన్నా ఎక్కువ దూరాల్లో ఒకటి చివరి రోజుది. నెల్లూరు నుంచి హైదరాబాద్‌కు 450 కిలోమీటర్లు. ఆ రోజు ఖర్చు 5,500 రూపాయలు, పద్నాలుగు రోజుల్లోకీ అదే తక్కువ. అన్నిటికన్నా ఎక్కువ ఖర్చయ్యేది నాలుగో రోజు, 9,800 రూపాయలు. ఆ రోజు కారు తిరిగేది మైసూరు నుంచి ఊటీకి, 125 కిలోమీటర్లు మాత్రమే.

కారు ప్రయాణం అనగానే ఇంట్లో మొదట వచ్చే మాట పెట్రోలు గురించే. ఎంత మైలేజీ వస్తుంది, బంకులో ధర ఎంత, ఏ దారిన వెళితే కిలోమీటర్లు తగ్గుతాయి అని గంటల తరబడి చర్చించుకుంటాం. రెండు వారాల ప్రయాణంలో ఇంధనం మొత్తం ఖర్చులో ఆరో వంతు ఉంటుంది. సగానికి దగ్గరగా తినేసేది రాత్రి గది. అందుకే కిలోమీటర్ల లెక్కతో మొదలుపెట్టినా, అసలు జాగ్రత్త ఏ ఊళ్లో ఏ వారం నిద్రపోతున్నాం అన్నదాని మీద ఉండాలి. ఈ లెక్కను మొదటి నుంచీ విప్పి చూద్దాం.

కారులో అయిదుగురు: భార్యాభర్తలు, పన్నెండేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల అబ్బాయి, వాళ్ల నాయనమ్మ. కారు పెట్రోలుతో నడిచే చిన్న ఎస్‌యూవీ, ట్యాంకు 45 లీటర్లు. బయల్దేరేది వేసవి సెలవుల్లో, మే మూడో వారంలో ఒక ఆదివారం. హోటళ్లు మధ్యరకానివి, ఏసీ గదులు, పన్నులతో కలిపి. పెద్దావిడ ఉన్నారు కాబట్టి ప్రతిచోటా రెండు గదులు.

ముందు ఇంటి దగ్గరే తేల్చుకోవాల్సిన మైలేజీ

కంపెనీ చెప్పిన మైలేజీతో లెక్క వేస్తే రెండో రోజుకే తేడా కనిపిస్తుంది. మన కారు నిజంగా ఎంత ఇస్తుందో తెలుసుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. బంకులో గన్ దానంతటదే ఆగేవరకు ట్యాంకు నింపించి, ట్రిప్ మీటరు సున్నాకు తెచ్చుకోవాలి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక వీలైతే అదే బంకులో మళ్లీ అలాగే నింపించాలి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేది అసలు మైలేజీ. గన్ ఆగాక రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త పోయించుకుంటే ఈ లెక్క చెడిపోతుంది.

ఊళ్లో ఆఫీసుకు వెళ్లేటప్పుడు వచ్చే సంఖ్య హైవే మీద పనికిరాదు. హైవే మీద ఒక్కరే వెళ్లినప్పటి సంఖ్య అయిదుగురు, సామాను, మే నెల ఎండలో ఆగకుండా తిరిగే ఏసీతో వెళ్లేటప్పుడు పనికిరాదు. ఈ లెక్కలో హైవేకు లీటరుకు 16 కిలోమీటర్లు, ఘాట్‌రోడ్డుకూ నగరం లోపల తిరగడానికీ 11 అనుకున్నాం. ఈ 16 రావాలంటే వేగం గంటకు ఎనభై, తొంభై మధ్య నిలకడగా ఉండాలి. వంద దాటించి, పైన క్యారియరు మీద పెట్టెలు కట్టుకుని వెళితే సంఖ్య గబగబా పడిపోతుంది. డ్రైవర్ తలుపు పక్కన ఉండే స్టిక్కర్ మీద నిండు బరువుకు టైర్లలో ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది. బయల్దేరే రోజు పొద్దున్నే, టైర్లు వేడెక్కకముందు, ఆ కొలత ప్రకారం గాలి పట్టించుకోవాలి.

దారి పొడవునా దూరాలు కూడితే సుమారు 2,730 కిలోమీటర్లు. కానీ ఏ ప్రయాణమూ మ్యాపులో గీసినంత తిన్నగా సాగదు. హోటల్ వెతుక్కోవడం, మందుల షాపు, తప్పిన మలుపు, పిల్లలు చూసి ముచ్చటపడ్డ ఏదో జలపాతం, అన్నీ కిలోమీటర్లే. వాటికి పదో వంతు కలిపి 3,000 అనుకోవడం మంచిది. అప్పుడు పట్టేది దాదాపు 205 లీటర్లు. సగటున లీటరు 102 రూపాయల చొప్పున 21,000 రూపాయలు.

సగటు అన్నది ఎందుకంటే రాష్ట్రం మారితే ధర మారుతుంది. కేంద్రం పన్ను దేశమంతా ఒకటే అయినా, దాని మీద ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిది. 2025లో లీటరు పెట్రోలు హైదరాబాద్‌లో 107 రూపాయల పైన, ఆంధ్రప్రదేశ్‌లో 109 పైన, బెంగళూరులో 103 దగ్గర, చెన్నైలో 101 దగ్గర, పుదుచ్చేరిలో 96 దగ్గర ఉంది. ధరలు మారవచ్చు గానీ ఈ ఎక్కువ తక్కువల వరస ఇలాగే ఉంటూ వస్తోంది. అందుకే బయల్దేరేటప్పుడు హైదరాబాద్‌లో ట్యాంకు నింపుకుంటే, కర్నూలు, అనంతపురం, లేపాక్షి చూసుకుని సరిహద్దు దాటేదాకా మళ్లీ పోయించుకోవాల్సిన పని లేదు. ఆ 500 కిలోమీటర్లకు 31 లీటర్లు చాలు. సరిహద్దు దాటగానే వచ్చే బాగేపల్లి కర్ణాటకది, అక్కడ నింపుకోవచ్చు. తిరుగు దారిలో పుదుచ్చేరిలో ట్యాంకు నింపి, చెన్నై దాటాక గుమ్మిడిపూండి చుట్టుపక్కల, తమిళనాడులో ఉండగానే మరోసారి నింపుకుంటే, నెల్లూరు మీదుగా ఇంటిదాకా సరిపోతుంది.

ఇంత చేస్తే మిగిలేది మొత్తం మీద అయిదారు వందలు. దారిలోనే పడే బంకు కాబట్టి ఆ డబ్బు మిగుల్చుకోవడం న్యాయమే. కానీ చవక బంకు కోసం ముల్లు ఎర్ర గీత దాకా దిగనివ్వడం, ఇంట్లో పెద్దావిడను, పిల్లలను పెట్టుకుని చేయాల్సిన పని కాదు. పావు ట్యాంకుకు వస్తే ఏ రాష్ట్రమైనా సరే పోయించుకోవాలి.

టోలు: పాసు తీసుకోవాలా వద్దా

ఈ మార్గంలో జాతీయ రహదారుల మీద పాతిక, ముప్పై మధ్య టోల్ ప్లాజాలు తగులుతాయి. హైదరాబాద్ దాటి రాయికల్‌తో మొదలై, షాకాపూర్, పుల్లూరు, అమకతాడు అంటూ బెంగళూరుదాకా వరసగా వస్తూనే ఉంటాయి. ఒక్కొక్కటి చిన్న మొత్తమే. బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మాత్రం ఒకేసారి మూడు వందలు దాటిస్తుంది. అన్నీ కలిపి ఈ ప్రయాణానికి 3,000 రూపాయలు పెట్టుకున్నాం. టోలు రేట్లు ఏటా ఏప్రిల్ 1న సవరిస్తారు కాబట్టి, బయల్దేరే వారంలో జాతీయ రహదారుల సంస్థ వారి రాజ్‌మార్గ్ యాత్ర యాప్‌లో మార్గం పెట్టి చూసుకోవాలి.

2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు ఫాస్టాగ్ వార్షిక పాసు వచ్చింది. మొదలుపెట్టినప్పుడు ధర 3,000 రూపాయలు. ఏడాది గానీ 200 ప్రయాణాలు గానీ, ఏది ముందు పూర్తయితే అంతవరకు. ఇక్కడ చాలామంది పొరబడేది ప్రయాణం అన్నదాని దగ్గర. హైదరాబాద్ నుంచి బెంగళూరు ఒక ప్రయాణం కాదు. మామూలు టోల్ ప్లాజా ఒకసారి దాటితే ఒక ప్రయాణం కింద లెక్క. మన మార్గానికి 200లో పాతిక, ముప్పై ఖర్చవుతాయి.

రెండో సంగతి, ఈ పాసు జాతీయ రహదారులు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేల మీద మాత్రమే పనిచేస్తుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు, బెంగళూరులో ట్రాఫిక్ తప్పించుకోవడానికి ఎక్కే నైస్ రోడ్డు, రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో ఉన్న ఇతర టోలు రోడ్లు దీని కిందికి రావు. అక్కడ ఫాస్టాగ్ ఖాతాలోంచి మామూలుగానే డబ్బు పోతుంది. అందుకే పాసు ఉన్నా ఖాతాలో వెయ్యి రూపాయలైనా ఉంచుకోవాలి. మన 3,000లో జాతీయ రహదారుల వాటా సుమారు 2,400. అంటే ఈ ఒక్క ప్రయాణం కోసమే పాసు కొంటే గిట్టదు. ఏడాదిలో సంక్రాంతికో పెళ్లికో విజయవాడ వైపు ఒకటి రెండు సార్లు వెళ్లివచ్చేవారికి గిట్టుబాటవుతుంది. ఆ దారిలో పోనూ రానూ కలిపి ఆరు ప్లాజాలు తగులుతాయి.

పాసు తీసుకునేవాళ్లు ఒకటి ముందే చూసుకోవాలి. షోరూములో కొత్త కారుకు అతికించిన ఫాస్టాగ్ కొన్నిసార్లు ఛాసిస్ నంబరు మీదే నమోదై ఉంటుంది. రిజిస్ట్రేషన్ నంబరు ఎక్కించుకుంటే తప్ప దాని మీద పాసు రాదు. ఇక పాసు లేనివాళ్లకు ఎదురయ్యే నష్టం ఖాతా ఖాళీ కావడం. ట్యాగ్ పనిచేయకపోతే 2025లో నగదుకు రెట్టింపు కట్టాల్సి వచ్చేది. 2025 నవంబరు 15 నుంచి అలాంటప్పుడు యూపీఐతో కడితే ఒకటిం పావు వంతు తీసుకుంటున్నారు.

గది: వారం చూడండి, పంచాంగం కూడా చూడండి

పదమూడు రాత్రుళ్లకు గదుల ఖర్చు 58,000 రూపాయలు. రెండు గదులకు అనంతపురం, నెల్లూరు లాంటి మజిలీ ఊళ్లలో రాత్రికి 3,200, మైసూరు, మదురై, రామేశ్వరంలో 4,000, పుదుచ్చేరిలో 5,500, ఊటీలో 6,500 అనుకున్నాం. ఈ చివరి రెండు అంకెలూ వారం మధ్యలోవి. శుక్ర, శనివారాల్లో ఇవే గదులు సగం అదనంగా, సీజనులో ఇంకా పైన పలుకుతాయి. ఊటీకి బెంగళూరు, కోయంబత్తూరుల నుంచి, పుదుచ్చేరికి చెన్నై, బెంగళూరుల నుంచి జనం వారాంతానికి వచ్చిపడతారు. ఊటీలో పూల ప్రదర్శన కూడా మే నెలలోనే.

ఆదివారం బయల్దేరాలనడానికి కారణం ఇదే. ఆదివారం మొదటి రోజైతే, ఊటీలో పడుకునేవి బుధ, గురువారం రాత్రుళ్లు. పుదుచ్చేరిలో పడుకునేవీ మరుసటి వారం బుధ, గురువారాలే. ఇంటికి చేరేది శనివారం, ఒక ఆదివారం ఒళ్లు విశ్రాంతి తీసుకోవడానికి మిగులుతుంది. అదే ప్రయాణం గురువారం మొదలైతే ఊటీలో ఆది, సోమవారాలు పడి కొంత నయమే గానీ, పుదుచ్చేరికి సరిగ్గా ఆదివారం మధ్యాహ్నం చేరతాం, మైసూరులో శనివారం జనంలో తిరుగుతాం. బుధవారం బయల్దేరితే ఊటీకి శనివారం చేరతాం, రెండు గదులకు ఆ ఒక్క రాత్రే మూడు వేలు అదనం. పెట్రోలు మీద రెండు వారాలు కష్టపడి మిగుల్చుకున్న దానికి ఇది అయిదారు రెట్లు.

ఏ ఏర్పాటులోనైనా కొంత వదులుకోవాలి. ఆదివారం బయల్దేరితే మైసూరులో తిరిగే రోజు మంగళవారం అవుతుంది, మైసూరు జూకు మంగళవారం సెలవు. అందుకని మంగళవారం ప్యాలెస్, చాముండి కొండ, శ్రీరంగపట్నం చూసి, బుధవారం పొద్దున్నే జూ చూపించి మధ్యాహ్నానికి ఊటీ బయల్దేరాలి. బండిపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు మూసేస్తారు. మధ్యాహ్నం మరీ ఆలస్యమైతే గుండ్లుపేటలో అనుకోని గది తీసుకోవాల్సి వస్తుంది, ఊటీలో కట్టిన గది డబ్బూ పోతుంది. ఒకే రాత్రికి రెండు ఊళ్లలో అద్దె కట్టడమంటే అదే.

ఊటీకి ఇంకో పని ఉంది. 2024 మే నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశంతో నీలగిరి జిల్లాకూ కొడైకెనాల్‌కూ బయటి వాహనాలు ఈ-పాసు తీసుకోవాలి. 2025 వేసవిలో, ఏప్రిల్ నుంచి జూన్ వరకు, నీలగిరికి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాల పరిమితి కూడా పెట్టారు. గది ఖరారు చేసుకునే ముందు పాసు దొరుకుతుందో లేదో చూసుకోవాలి. ముందు గదికి డబ్బు కట్టి, తర్వాత పాసు కోసం వెతికితే చిక్కు.

రామేశ్వరానికి వారంతో పాటు తిథి కూడా చూడాలి. అమావాస్యకు పితృకార్యాల కోసం వచ్చే జనంతో గదులు దొరకడమే కష్టమవుతుంది. మన లెక్కలో అక్కడ పడుకునేవి ఆది, సోమవారం రాత్రుళ్లు. ఆ రెంటిలో ఏదైనా అమావాస్య దగ్గరైతే ప్రయాణం మొత్తాన్నీ ఒక వారం జరపడం మేలు. మదురై, మైసూరుల్లో పెళ్లి ముహూర్తాల రోజుల్లోనూ ఇదే పరిస్థితి. ఇంట్లో గోడకు వేలాడే క్యాలెండరు హోటల్ యాప్ కన్నా ముందు ఈ సంగతి చెబుతుంది.

తిరుపతి ఈ మార్గంలో ఎందుకు లేదని ఇంట్లో అడుగుతారు. దర్శనం టిక్కెట్టు చేతిలో లేకుండా వెళితే ఎన్ని గంటలు పడుతుందో ముందే చెప్పలేం. రోజువారీ లెక్కలో అలాంటి మజిలీ పెడితే ఆ తర్వాతి గదులన్నీ గాల్లో ఉంటాయి. టిక్కెట్టు ముందే దొరికితే నెల్లూరుకు బదులు తిరుపతి పెట్టుకోవచ్చు. అప్పుడు చివరి రోజు 450 కాదు, కడప, కర్నూలు మీదుగా దాదాపు 560 కిలోమీటర్లు అవుతుంది.

గది ధర చూసేటప్పుడు పన్ను కలిపిందా లేదా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రాత్రికి 7,500 రూపాయల దాకా ఉన్న గదులకు జీఎస్టీ 5 శాతం, ఆపైన 18 శాతం. తర్వాత ఫోను చేసి నాలుగు మాటలు అడగాలి. “రెండు గదులు పక్కపక్కనే ఇస్తారా? కింది అంతస్తులోనో లిఫ్టు దగ్గరో ఉంటాయా? కారు లోపల పెట్టుకోవచ్చా, వీధిలో పెట్టాలా? టిఫిన్ గదికి ఇద్దరికేనా, పిల్లలతో కలిపి అయిదుగురికీనా?” చివరి ప్రశ్నకు జవాబును బట్టి రోజుకు మూడు నాలుగు వందలు తేడా వస్తుంది. ఇంకొకటి, రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వచ్చే గది కొంచెం ఖరీదైనా, ఊటీ తర్వాతి మజిలీలకు అదే తీసుకోవడం మంచిది. ఘాట్‌రోడ్డు మీద బండి మొరాయించినా, పిల్లాడికి జ్వరం వచ్చినా ముందుకు జరిగేది ఆ తర్వాతి రోజులే.

రోజుకు రోజు

భోజనానికి రోజుకు 2,200 పెట్టుకున్నాం. పొద్దున టిఫిన్, కాఫీలకు అయిదుగురికీ 450, మధ్యాహ్నం మీల్స్‌కు 800, రాత్రికి 650, మధ్యలో టీలు, మజ్జిగ, పండ్లు, నీళ్లకు 300. మొదటి రోజు మాత్రం 1,400. ఆ రోజు మధ్యాహ్నానికి ఇంటి పులిహోర, పెరుగన్నం ఉంటాయి. తమిళనాడులో ఎంత చిన్న ఊళ్లోనైనా శాకాహార భోజనం చవకగా, శుభ్రంగా దొరుకుతుంది కాబట్టి మదురై, తంజావూరుల్లో ఈ లెక్క కన్నా తక్కువే అవుతుంది. ఊటీ, పుదుచ్చేరిల్లో అది సరిపోతుంది. నీలగిరిలో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం, కొండ ఎక్కే ముందు తనిఖీ ఉంటుంది. స్టీలు సీసాలు పట్టుకెళ్లి హోటల్లో నింపుకుంటే ఆ ఇబ్బందీ ఉండదు, నీళ్ల ఖర్చూ తగ్గుతుంది.

| రోజు | మార్గం | కి.మీ. | ఇంధనం, టోలు | గదులు | భోజనం | మొత్తం |
|---|---|---|---|---|---|---|
| 1 ఆది | హైదరాబాద్-అనంతపురం | 360 | 2,900 | 3,200 | 1,400 | 7,500 |
| 2 సోమ | లేపాక్షి మీదుగా మైసూరు | 390 | 3,300 | 4,000 | 2,200 | 9,500 |
| 3 మంగళ | మైసూరు | 50 | 500 | 4,000 | 2,200 | 6,700 |
| 4 బుధ | మైసూరు-ఊటీ | 125 | 1,100 | 6,500 | 2,200 | 9,800 |
| 5 గురు | ఊటీ, కూనూరు | 50 | 500 | 6,500 | 2,200 | 9,200 |
| 6 శుక్ర | ఊటీ-మదురై | 300 | 2,250 | 4,000 | 2,200 | 8,450 |
| 7 శని | మదురై | 20 | 200 | 4,000 | 2,200 | 6,400 |
| 8 ఆది | మదురై-రామేశ్వరం | 175 | 1,350 | 4,000 | 2,200 | 7,550 |
| 9 సోమ | ధనుష్కోటి | 50 | 350 | 4,000 | 2,200 | 6,550 |
| 10 మంగళ | రామేశ్వరం-తంజావూరు | 230 | 1,650 | 3,600 | 2,200 | 7,450 |
| 11 బుధ | చిదంబరం మీదుగా పుదుచ్చేరి | 180 | 1,400 | 5,500 | 2,200 | 9,100 |
| 12 గురు | పుదుచ్చేరి | 20 | 200 | 5,500 | 2,200 | 7,900 |
| 13 శుక్ర | పుదుచ్చేరి-నెల్లూరు | 330 | 2,600 | 3,200 | 2,200 | 8,000 |
| 14 శని | నెల్లూరు-హైదరాబాద్ | 450 | 3,300 | లేదు | 2,200 | 5,500 |

ఇది 1,09,600. ముందు చెప్పిన అదనపు కిలోమీటర్ల పెట్రోలు 2,400 కలిపితే 1,12,000. ప్యాలెస్, జూ, పడవ షికారు, పార్కింగ్, గుళ్లో ప్రత్యేక దర్శనం టిక్కెట్లకు 8,000. అక్కడికి 1,20,000. దీని మీద పదో వంతు, 12,000, ఎవరూ ముట్టుకోకూడని డబ్బుగా వేరే ఖాతాలో ఉంచాలి. టైరు పగలడం, డాక్టరు, అనుకోని గది, ఇవి వస్తే దానిలోంచి తీయాలి. కొనుగోళ్ల డబ్బు ఇందులో లేదు. మైసూరు పట్టుచీరకూ తంజావూరు బొమ్మకూ ఈ పట్టికలో చోటు ఇస్తే మిగతా లెక్కలన్నీ మసకబారతాయి. దానికి వేరే కవరు పెట్టుకోవాలి.

పట్టికలో గదుల వరస నిలువుగా చూడండి. ఊటీ, పుదుచ్చేరిల నాలుగు రాత్రుళ్లకే 24,000. మొత్తం ప్రయాణం పెట్రోలు కన్నా ఎక్కువ. డబ్బు తగ్గించాలనుకునేవాళ్లు మైలేజీ జోలికి పోకుండా ఇక్కడ చెయ్యి పెట్టాలి. ఊటీలో ఒక రాత్రి తగ్గించి కోయంబత్తూరులో ఉంటే రెండున్నర వేలు మిగులుతాయి. మరుసటి రోజు మదురై దూరమూ తగ్గుతుంది. పిల్లలకు ఊటీయే ముఖ్యమైతే, పుదుచ్చేరిలో రెండో రాత్రి వదిలేయొచ్చు. ఏది వదలాలో ఇంట్లో అందరూ కూర్చుని బయల్దేరకముందే తేల్చుకుంటే దారిలో గొడవ ఉండదు.

గుళ్ల వేళలు కూడా ఖర్చులోకే వస్తాయి. మదురై మీనాక్షి ఆలయం, తంజావూరు బృహదీశ్వరాలయం మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో మూసి నాలుగింటికి తెరుస్తారు. రామేశ్వరం నుంచి పొద్దున్నే బయల్దేరితే తంజావూరు ఒంటిగంటకు చేరి, భోంచేసి, గదిలో కాస్త నడుం వాల్చి నాలుగింటికి గుడికి వెళ్లొచ్చు. ఆలస్యంగా బయల్దేరి సాయంత్రం ఆరుకు చేరితే, గుడి మరుసటి పొద్దుటికి పడుతుంది. అప్పుడు చిదంబరం మధ్యాహ్నం మూసిన వేళకు చేరతాం, పుదుచ్చేరికి రాత్రవుతుంది. ఒక పొద్దున రెండు గంటలు ఆలస్యమైతే రెండు ఊళ్లు చెడతాయి.

దారిలో ఖర్చు రాసుకునే పని ఒక్కరికే అప్పజెప్పాలి. పన్నెండేళ్ల అమ్మాయి చక్కగా చేస్తుంది. చిన్న నోటుపుస్తకంలో రోజుకో పేజీ, ఎడమ పక్క అనుకున్నది, కుడి పక్క అయినది. పెట్రోలు దగ్గర మాత్రం ఒక కిటుకు తెలియాలి. ట్యాంకు నింపిన రోజు నాలుగు వేలు పోయినట్టు, మరుసటి రోజు ఏమీ పోనట్టు కనిపిస్తుంది. అలా రాస్తే ఏ రోజు ఎక్కువైందో తెలియదు. నింపిన డబ్బు కాకుండా, ఆ రోజు తిరిగిన కిలోమీటర్లను మైలేజీతో భాగించి, కాలిన పెట్రోలు విలువ రాయాలి. ప్రతి నింపుడు దగ్గర మైలేజీని మళ్లీ లెక్కించాలి. హైవే మీద కూడా పద్నాలుగుకు పడిపోతే టైర్లలో గాలి తగ్గిందనో, వేగం పెరిగిందనో అర్థం. అది మదురైలో ఉన్న ఖాళీ రోజున మెకానిక్‌కు చూపించాలి.

అయిదో రోజు రాత్రి ఊటీలో ఒకసారి లెక్క కట్టండి. పట్టిక ప్రకారం అప్పటికి 42,700 కావాలి. మూడు నాలుగు వేలు పైన ఉంటే భయపడాల్సింది లేదు, రాబోయే మదురై, రామేశ్వరం, తంజావూరు తేలిక రోజులే, అక్కడ సర్దుకుంటుంది. ఎనిమిది వేలు దాటితే కారణం దాదాపు ఎప్పుడూ భోజనంలోనో చిల్లర ఖర్చుల్లోనో ఉంటుంది, అది రోజూ పెరుగుతుంది. అప్పుడు పుదుచ్చేరిలో రెండో రాత్రి రద్దు చేసుకునే గడువు ఇంకా మించిపోలేదు. పదో రోజున లెక్క చూసుకుంటే ఆ అవకాశం ఉండకపోవచ్చు.

రామేశ్వరంలో పెట్టుకున్న తొమ్మిదో రోజు ధనుష్కోటికి పొద్దున్నే వెళ్లిరావడం మంచిది, సాయంత్రం అయ్యేసరికి ఆ దారి మూసేస్తారు. కూనూరు నుంచి మేట్టుపాళయం దిగేటప్పుడు రెండో గేరులోనే దిగాలి. బ్రేకు మీద కాలు పెట్టి దిగితే అవి వేడెక్కి వాసన వస్తుంది, ఆ మరమ్మతు ఖర్చు ఏ పట్టికలోనూ ఉండదు. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033కు ఫోను చేస్తే సాయం వస్తుంది. ఆ నంబరు నాయనమ్మ ఫోనులో కూడా ఎక్కించి ఉంచాలి.

ఇల్లు చేరాక ఒక పని మిగులుతుంది. ఫాస్టాగ్ సందేశాలన్నీ తేదీలవారీగా నోటుపుస్తకంతో సరిచూడాలి. ఒకే ప్లాజాలో రెండుసార్లు డబ్బు పోవడం, కారు ఇంట్లో ఉన్న రోజున ఎక్కడో టోలు కోత పడటం జరుగుతుంటాయి. అలాంటివి కనిపిస్తే ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకు వెంటనే ఫిర్యాదు చేయాలి. హోటళ్ల నుంచి రావాల్సిన అడ్వాన్సు, రద్దు చేసిన గది డబ్బు వెనక్కి వచ్చాయో లేదో అప్పుడే చూసుకుంటే, పట్టికలో కుడి పక్క అంకెలు ఖరారవుతాయి. పై ఏడాది ఇంకో దారి పట్టినా, మీ కారు అసలు మైలేజీ, మీ ఇంటివాళ్ల రోజు భోజనం ఖర్చు ఆ పుస్తకంలో సిద్ధంగా ఉంటాయి.